బీటా హెచ్‌సీజీ: తొలి వారాల పెరుగుదల, అది మందగించినప్పుడు

హ్యూమన్ కోరియానిక్ గొనడోట్రోపిన్, పొట్టిగా హెచ్‌సీజీ, గర్భం నిలిచిన తొలి రోజుల్లో తల్లి రక్తంలో కనిపించే హార్మోన్. దీన్ని తయారుచేసేది తల్లి శరీరం కాదు, పిండం చుట్టూ పెరిగే పొర. తర్వాత మాయగా మారేది ఈ పొరే. నెల తప్పాక మూత్రంలో ముంచి చూసే కిట్ మీద రెండో గీత పడేది ఈ హార్మోన్ వల్లే. ఆశా కార్యకర్తలు ఊళ్లలో ఉచితంగా ఇచ్చే నిశ్చయ్ కిట్ పట్టుకునేదీ దీన్నే. కిట్ ఉందో లేదో మాత్రమే చెబుతుంది. ఎంత ఉందో చెప్పాలంటే రక్తపరీక్ష కావాలి. ల్యాబుల్లో దాన్ని బీటా హెచ్‌సీజీ అంటారు. ఒక్క రిపోర్టు చెప్పేది తక్కువ. రెండు రోజుల తేడాతో తీసిన రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూస్తేనే ఈ పరీక్షకు అసలు విలువ. రెండో అంకె ఆశించినంత పెరగకపోతే దాన్ని ఎలా చదవాలి, ఏయే అనుమానాలకు అది దారి తీస్తుంది, ఎక్కడ అది మోసం చేస్తుంది అన్నవే ఈ వ్యాసంలోని విషయాలు.

హార్మోన్‌లో ఆల్ఫా, బీటా అని రెండు భాగాలుంటాయి. ఆల్ఫా భాగం థైరాయిడ్‌ను నడిపించే టీఎస్‌హెచ్‌లోనూ, అండం విడుదలకు కారణమైన ఎల్‌హెచ్‌లోనూ అచ్చంగా ఇలాగే ఉంటుంది. అందుకే తొలినాటి పరీక్షలు ఎల్‌హెచ్‌నూ హెచ్‌సీజీనీ వేరుచేసి చూపలేకపోయేవి. 1927లో బెర్లిన్‌లో ఆష్‌హైమ్, జోన్‌డెక్ అనే వైద్యులు గర్భిణి మూత్రాన్ని ఆడ చిట్టెలుకలకు ఎక్కించి, వాటి అండాశయాల్లో వచ్చే మార్పును బట్టి గర్భాన్ని నిర్ధారించేవారు. 1972లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో వైటుకైటిస్, బ్రాన్‌స్టీన్, రాస్ బీటా భాగాన్ని మాత్రమే గుర్తుపట్టే రక్తపరీక్షను తయారుచేశారు. హెచ్‌సీజీ ఎంతుందో అంకెల్లో చెప్పడం, రోజు రోజుకూ దాని పెరుగుదలను గమనించడం అప్పటినుంచే వీలైంది.

అంకె ఎందుకు పెరుగుతుంది

అండం విడుదలైన ఆరు నుంచి పన్నెండు రోజుల మధ్య ఫలదీకరణ చెందిన పిండం గర్భసంచి లోపలి పొరలో నాటుకుంటుంది. ఎక్కువ మందిలో ఇది ఎనిమిది, తొమ్మిది, పది రోజుల్లోనే జరుగుతుంది. నాటుకున్న వెంటనే పిండం బయటి పొర కణాలు తల్లి రక్తనాళాలను చేరి హెచ్‌సీజీని రక్తంలోకి వదులుతాయి. ఈ హార్మోన్‌కు అప్పుడున్న పని ఒక్కటే. అండం బయటపడ్డాక అండాశయంలో మిగిలిన కార్పస్ ల్యూటియం అనే చిన్న గ్రంథి మామూలుగా రెండు వారాల్లో వాడిపోవాలి, దాన్ని హెచ్‌సీజీ వాడిపోనివ్వదు. ఆ గ్రంథి ప్రొజెస్టెరాన్‌ను ఇస్తూ ఉంటేనే గర్భసంచి పొర ఊడి రాకుండా నిలుస్తుంది, నెలసరి ఆగుతుంది. ఏడో వారం దాటాక ఈ బాధ్యతను మాయ తీసుకోవడం మొదలుపెడుతుంది.

పొరలోని కణాలు ఎంత వేగంగా విభజన చెందితే హార్మోన్ అంత వేగంగా పెరుగుతుంది. తొలి వారాల్లో హెచ్‌సీజీ అంకె అంటే ఆ కణాలు ఎన్నున్నాయి, ఎంత చురుగ్గా ఉన్నాయన్నదానికి పరోక్ష కొలత. మంచి రక్తసరఫరా దొరికిన చోట అవి గబగబా పెరుగుతాయి. ఫెలోపియన్ ట్యూబులో నాటుకుంటే అక్కడి గోడ పలుచన, పోషణ చాలదు, పెరుగుదల నత్తనడకన సాగుతుంది. క్రోమోజోముల లోపంతో పిండమే ఎదగలేకపోతే సరైన చోటే ఉన్నా పొర మందగిస్తుంది. ఈ రెండు పరిస్థితుల్లోనూ రిపోర్టు మీద పడే అంకె ఒకేలా ఉండవచ్చు. ఈ పరీక్షకున్న పెద్ద పరిమితి ఇదే.

మిల్లీలీటరు రక్తంలో ఎన్ని మిల్లీ అంతర్జాతీయ యూనిట్లు ఉన్నాయన్నది ఇక్కడి కొలమానం, ఈ వ్యాసంలోని అంకెలన్నీ దాంట్లోనివే. 5 లోపు ఉంటే గర్భం లేదంటారు. 25 దాటితే ఉన్నట్టే. నడుమ ఉన్నదాన్ని మళ్లీ చూడాలి. ఎనిమిది నుంచి పది వారాల మధ్య అంకె లక్ష ప్రాంతంలో శిఖరానికి చేరి, ఆ తర్వాత తగ్గి ఒక స్థాయిలో స్థిరపడుతుంది. పదో వారం తర్వాత తగ్గడం సహజమేనని తెలియక కంగారుపడేవాళ్లు ఉంటారు. ఆ దశలో బీటా హెచ్‌సీజీ చేయించడంలో అర్థం లేదు.

ల్యాబ్ రిపోర్టు అడుగున అచ్చయ్యే వారాల పట్టిక కూడా ఎక్కువమందిని అనవసరంగా భయపెడుతుంది. ఐదో వారానికి 18 నుంచి 7,340 దాకా మామూలే అని చాలా రిపోర్టుల్లో ఉంటుంది. ఇంత వెడల్పున్న పట్టిక ఏదీ తేల్చదు. పైగా ఆ వారాలను చివరి నెలసరి తేదీ నుంచి లెక్కిస్తారు. నెలసరి నలభై రోజులకొకసారి వచ్చే స్త్రీలో అండం ఆలస్యంగా విడుదలవుతుంది, ఆమె "ఐదో వారం" నిజానికి నాలుగో వారం కావచ్చు. ఒక్క అంకె తక్కువగా ఉందని గర్భం బాగోలేదనడానికి వీల్లేదు.

నలభై ఎనిమిది గంటలు, మూడు గీతలు

"రెండు రోజులకు రెట్టింపు కావాలి" అన్న మాట డాక్టర్ల గదుల్లోంచి ఇళ్లలోకి వచ్చి స్థిరపడిపోయింది. సగటుకు అది దగ్గరి మాటే, నిజం చెప్పాలంటే సగటు అంతకంటే ఎక్కువే. సాధారణంగా సాగే గర్భాల్లో నడిమధ్య స్త్రీని తీసుకుంటే నలభై ఎనిమిది గంటల్లో పెరుగుదల 124 శాతం దాకా ఉంటుంది. కానీ ప్రమాదాన్ని గుర్తించడానికి కావలసింది సగటు కాదు, ఆరోగ్యంగా సాగిన గర్భాల్లో అతి నిదానంగా పెరిగినది ఎంత అన్న కనీస గీత. ఆ గీత ఎక్కడ గీయాలన్నదే నలభై ఏళ్లుగా మారుతూ వచ్చింది.

1981లో కాడర్, కాల్డ్‌వెల్, రొమెరో మొదటి గీత గీశారు. నలభై ఎనిమిది గంటల్లో 66 శాతం కన్నా తక్కువ పెరిగితే అనుమానించాలన్నారు. వాళ్లు చూసింది ఇరవై మంది స్త్రీలను మాత్రమే. అంతేకాదు, గీతను వేసిన తీరును బట్టే చక్కగా సాగే గర్భాల్లో వందకు పదిహేను దాని కింద పడతాయి. అయినా ఆ 66 అంకె పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కి రెండు దశాబ్దాలు రాజ్యమేలింది. ఆ గీతను గుడ్డిగా నమ్మి ట్యూబు గర్భమని నిర్ణయిస్తే, తల్లి కోరుకున్న గర్భమే చేజేతులా పోయే ప్రమాదం ఉంది.

2004లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో బార్న్‌హార్ట్ బృందం నొప్పితోనో రక్తస్రావంతోనో వచ్చి, చివరకు గర్భం చక్కగా సాగిన 287 మంది రిపోర్టులను లెక్కించింది. వాళ్లలో 99 శాతం మందికి రెండు రోజుల్లో కనీసం 53 శాతం పెరుగుదల ఉంది. గీత కిందికి జరిగింది. 2016లో అదే బృందం మరో విషయం చెప్పింది. మొదటి అంకె పెద్దదయ్యేకొద్దీ పెరుగుదల సహజంగానే నెమ్మదిస్తుంది కాబట్టి అందరికీ ఒకే గీత సరికాదు. అమెరికా ప్రసూతి వైద్యుల కళాశాల 2018లో దీన్నే స్వీకరించింది. మొదటి అంకె 1,500 లోపుంటే కనీసం 49 శాతం, 1,500 నుంచి 3,000 మధ్య ఉంటే 40 శాతం, 3,000 దాటితే 33 శాతం పెరగాలి. బ్రిటన్ మార్గదర్శకాలు వేరే పద్ధతిని ఎంచుకున్నాయి. 63 శాతం కన్నా ఎక్కువ పెరిగితే గర్భం గర్భసంచిలో ఎదుగుతూ ఉండవచ్చు, 50 శాతానికి మించి తగ్గితే అది నిలిచేలా లేదు, ఆ రెంటి నడుమ ఉంటే ఇరవై నాలుగు గంటల్లో ప్రత్యేక వైద్యుల దగ్గరికి పంపాలి. రెండు దేశాల గీతలు వేరైనా వాటి ఉద్దేశం ఒకటే. అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు, ఎవరిని దగ్గరగా గమనించాలో మాత్రం అది చెబుతుంది.

99 శాతం అంటే వందలో ఒక చక్కని గర్భం ఆ గీత కింద పడుతుందని కూడా అర్థం. ఎందరు స్త్రీలు పరీక్ష చేయించుకుంటారో తలచుకుంటే ఆ ఒక్కటి చిన్న సంఖ్య కాదు.

నిదానంగా పెరిగితే

నెమ్మదైన పెరుగుదలకు ముఖ్యంగా మూడు కారణాలు వెతకాలి. మొదటిది, గర్భసంచిలోనే ఉన్నా ఎదగలేని గర్భం. తొలి నెలల గర్భస్రావాల్లో సుమారు సగం పిండంలోని క్రోమోజోముల లోపం వల్లే జరుగుతాయి, తల్లి తిన్నదీ, మోసిన బరువూ, చేసిన ప్రయాణమూ వీటికి కారణం కావు. రెండోది, గర్భసంచి బయట, ఎక్కువగా ఫెలోపియన్ ట్యూబులో నాటుకున్న గర్భం. మూడోది అరుదు, గీత కింద పడినా మామూలుగానే సాగే గర్భం.

ట్యూబు గర్భం విషయంలో అంకెలు ఎంత మోసపూరితమో 2006లో రెండు వందల మంది రోగులను చూసిన అధ్యయనం బయటపెట్టింది. వాళ్లలో సుమారు 21 శాతం మందికి అంకె ఆరోగ్యకరమైన గర్భంలో లాగానే పెరిగింది. ఎనిమిది శాతం మందికి గర్భస్రావంలో లాగానే తగ్గింది. మిగతావాళ్లకే నిదానంగా పెరగడమో నిదానంగా తగ్గడమో కనిపించింది. కాబట్టి అంకె బాగా పెరిగిందన్న రిపోర్టు ట్యూబు గర్భం లేదనడానికి హామీ కాదు. అంకె తగ్గుతున్నదన్నదీ హామీ కాదు, అంకె తగ్గుతూ ఉన్నా ట్యూబు చిట్లవచ్చు. పొత్తికడుపులో ఒకవైపు నొప్పి, భుజం పైభాగంలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే రెండో రిపోర్టు కోసం ఎదురుచూడకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. భుజం నొప్పికీ గర్భానికీ సంబంధమేమిటని అనిపించవచ్చు. కడుపులో చేరిన రక్తం డయాఫ్రాన్ని తాకితే ఆ నరాల దారిలో నొప్పి భుజంలో తెలుస్తుంది.

గర్భస్రావం పూర్తిగా జరిగితే అంకె ఎంత వేగంగా తగ్గాలన్నదానికీ ఒక కనీసముంది. మొదటి అంకెను బట్టి రెండు రోజుల్లో 21 నుంచి 35 శాతం తగ్గాలి. పెద్ద అంకె నుంచి దిగేటప్పుడు వేగం ఎక్కువ. ఇంతకన్నా నెమ్మదిగా తగ్గుతుంటే మాయ ముక్కలు లోపల మిగిలి ఉన్నాయనో, గర్భం ట్యూబులో ఉందనో అనుమానించాలి.

అంకెల తర్వాత మాట చెప్పాల్సింది యోని మార్గపు స్కానింగ్. చివరి నెలసరి నుంచి ఐదో వారానికి గర్భసంచిలో చిన్న నల్లని సంచి, ఐదున్నరకు అందులో యోక్ శాక్, ఆరో వారానికి గుండె చప్పుడు కనబడాలి. హెచ్‌సీజీ 3,500 దాటినా లోపల ఏ సంచీ కనబడకపోతే గర్భం సరైన చోట ఉండకపోవచ్చన్న అనుమానం గట్టిపడుతుంది. చాలాచోట్ల ఇంతకన్నా తక్కువ, 1,500 దగ్గరే తీర్పు చెప్పేస్తుంటారు. అది తొందరపాటు. కవలలున్నప్పుడు హార్మోన్ ఎక్కువగా ఉంటుంది, సంచి మాత్రం అప్పటికి కనబడకపోవచ్చు. ఇక సంచిలో గుండె చప్పుడు కనబడ్డాక హెచ్‌సీజీని మళ్లీ మళ్లీ కొలవడంలో ప్రయోజనం లేదు.

కొలతలోనే తప్పు

నిదానంగా పెరిగినట్టు కనిపించే అంకెల్లో కొన్ని గర్భానివి కావు, కొలతవి. నలభై ఎనిమిది గంటలన్నది పదే పదే ఉల్లంఘించే నియమం. ఉదయం ఎనిమిదింటికి 300 వచ్చింది, మర్నాడు రాత్రి పదింటికి మళ్లీ రక్తమిచ్చారు, 420 వచ్చింది. చూడ్డానికి 40 శాతమే, గీత కింద. కానీ గడిచినవి ముప్ఫై ఎనిమిది గంటలే. రెండో అంకెను మొదటి దానితో భాగిస్తే 1.4 వస్తుంది. దాన్ని 48/38 ఘాతానికి లెక్కిస్తే 1.53, అంటే నలభై ఎనిమిది గంటలకు 53 శాతం. గీతకు పైనే ఉంది. రిపోర్టు మీద రక్తం తీసిన గంట ఉండాలి. చాలా రిపోర్టుల్లో మనకు కనిపించేది రిపోర్టు అచ్చైన గంట మాత్రమే.

రెండు పరీక్షలూ ఒకే ల్యాబులో చేయించాలి. ఒక్కో కంపెనీ యంత్రం హార్మోన్ రూపాల్ని ఒక్కోలా పట్టుకుంటుంది కాబట్టి ఒకే రక్తానికి రెండుచోట్ల వేర్వేరు అంకెలు రావచ్చు. జుట్టు రాలకుండా వేసుకునే బయోటిన్ మాత్రలు పెద్ద మోతాదులో ఉంటే కొన్ని యంత్రాల్లో అంకెను తక్కువగా చూపిస్తాయి.

అన్నింటికన్నా పెద్ద గందరగోళం హెచ్‌సీజీ ఇంజెక్షన్ల వల్ల. అండం విడుదల కోసం చికిత్సలో 5,000 లేదా 10,000 యూనిట్ల ఇంజెక్షన్ ఇస్తారు, అది రక్తంలోంచి పోవడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆలోపు చేసిన పరీక్షలో ఇంజెక్షనే కనిపిస్తుంది. గర్భం నిలబడాలని తొలి వారాల్లో కొందరికి మళ్లీ ఇదే ఇంజెక్షన్ ఇచ్చే అలవాటు మన దగ్గర ఉంది. దాంతో రెండు రిపోర్టుల పోలికే చెడిపోతుంది. నిదానించిన అంకెను ఇంజెక్షన్‌తో పెంచితే రిపోర్టు బాగుపడుతుంది, గర్భం బాగుపడదు.

ఒక కేసు లెక్కల్లో

పైన చెప్పినదాన్ని ఒక ఊహా ఉదాహరణలో చూడవచ్చు. నెల తప్పి కిట్‌లో రెండు గీతలు చూసిన ముప్ఫై ఏళ్ల స్త్రీ. నెలసరి క్రమంగా వచ్చేది, లెక్క ప్రకారం ఐదు వారాల మూడు రోజులు. రెండు రోజులుగా గోధుమరంగు మరకలు, కుడివైపు కొంచెం లాగినట్టు నొప్పి. సోమవారం ఉదయం ఎనిమిదింటికి హెచ్‌సీజీ 612. స్కానింగ్‌లో గర్భసంచి లోపలి పొర మందంగా ఉంది, సంచి కనబడలేదు. అంకె చిన్నది కాబట్టి కనబడకపోవడం ఇంకా సహజమే. ఇలా గర్భం ఉందని తెలిసి, ఎక్కడుందో తెలియని దశకు వైద్యంలో "స్థానం తెలియని గర్భం" అని పేరు. ఇది రోగనిర్ధారణ కాదు, తాత్కాలికంగా పెట్టుకునే పేరు. ఈ దశలో మందు ఇవ్వకూడదు.

బుధవారం అదే సమయానికి, అదే ల్యాబులో 820. పెరిగింది 208, అంటే 34 శాతం. మొదటి అంకె 1,500 లోపే కాబట్టి 49 రావాలి. రాలేదు. ఇప్పుడు అనుమానం సమంజసం, కానీ ఎదగలేని గర్భమా, ట్యూబు గర్భమా అన్నది అంకె చెప్పదు. శుక్రవారం 1,010. ఈసారి 23 శాతం. వరుసగా రెండుసార్లు గీత కింద. గర్భసంచిలో ఆరోగ్యంగా ఎదిగే గర్భం అన్న ఆశ దాదాపు పోయింది.

ఇక్కడినుంచి రెండు దారులుంటాయి. స్కానింగ్‌లో ఏమీ దొరకకపోతే గర్భసంచి లోపలి పొరను కొద్దిగా తీసి పరీక్షించవచ్చు. మాయ ముక్కలు దొరికినా, తీసిన పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లో హెచ్‌సీజీ సగానికి పడిపోయినా గర్భం లోపలే ఉండేదని తేలుతుంది. పడిపోకపోతే ట్యూబులో ఉన్నట్టు భావించాలి. ఈ ఉదాహరణలో శుక్రవారపు స్కానింగ్‌లోనే కుడి అండాశయం పక్కన, దాన్నుంచి విడిగా కదిలే రెండు సెంటీమీటర్ల గుండ్రటి ముద్ద కనిపించింది. గుండె చప్పుడు లేదు, కడుపులో రక్తం చేరలేదు, ఆమె రక్తపోటు స్థిరంగా ఉంది.

ఈ లెక్కకు సరిపడే మందు మెథోట్రెక్సేట్. వేగంగా విభజన చెందే కణాలను ఆపే క్యాన్సర్ మందు ఇది, పిండపు పొర కణాలు అలాంటివే. హెచ్‌సీజీ 5,000 లోపుండటం, ముద్ద 3.5 సెంటీమీటర్లు దాటకపోవడం, గుండె చప్పుడు లేకపోవడం, రోగి స్థిరంగా ఉండటం, మళ్లీ మళ్లీ రక్తపరీక్షలకు వచ్చే వీలుండటం దీనికి అనుకూలాలు. ఇంట్లో నుంచి ఆసుపత్రికి చాలా దూరమున్నవాళ్లకు ఆపరేషనే మేలని వైద్యులు అనేది ఈ చివరి షరతు వల్లే. గర్భం కోసం వేసుకుంటున్న ఫోలిక్ యాసిడ్ మాత్రను ఆపేయాలి, లేకపోతే అది మందు ప్రభావాన్ని తగ్గిస్తుంది. ఈ సంగతి చెప్పడం మరిచిపోవడం సాధారణం.

శరీర ఉపరితలపు చదరపు మీటరుకు 50 మిల్లీగ్రాముల లెక్కన కండరానికి ఒక ఇంజెక్షన్ ఇస్తారు. ఇచ్చిన రోజు 1,260 ఉందనుకుందాం. నాలుగో రోజుకు 1,410. పెరిగింది కదా, మందు పనిచేయలేదా అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. నాలుగో రోజుకు పెరగడం తరచూ జరిగేదే, చూడాల్సింది నాలుగో రోజు నుంచి ఏడో రోజుకు వచ్చే తగ్గుదలను. అది కనీసం 15 శాతం ఉండాలి. ఏడో రోజు 1,090, అంటే 23 శాతం తగ్గింది. మందు పనిచేస్తోంది. ఆ తర్వాత వారానికొకసారి రక్తం తీసి 5 లోపుకు వచ్చేదాకా చూస్తారు, దీనికి కొన్ని వారాలు పడుతుంది. నడుమ నొప్పి ఎక్కువైతే అంకె తగ్గుతున్నా సరే మళ్లీ స్కానింగ్. మందు తీసుకున్నాక కనీసం మూడు నెలలు గర్భం రాకుండా చూసుకోమంటారు. ఒకసారి ట్యూబు గర్భం వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం సుమారు పది శాతం, కాబట్టి తర్వాతిసారి నెల తప్పగానే డాక్టరుకు చెప్పి, ఆరో వారంలో స్కానింగ్ చేయించుకోవాలి.